బిలాస్‌పూర్ పాథాలజిస్టులకు: మీ సంతకం పైన ఒక్క వాక్యం రాయండి



నేను రైల్వే ల్యాబుల్లో టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరైనవాణ్ని. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో మా తాత శ్రీకాకుళం పక్క నుంచి గ్యాంగ్‌మన్ పనికి ఇక్కడికి వచ్చాడు. అప్పట్నుంచి మేం ఈ ఊరివాళ్లమే. ఈ ఉత్తరం తెలుగులో రాస్తున్నది మా కాలనీవాళ్లు కూడా చదవాలని. హిందీ ప్రతి మీకు విడిగా అందుతుంది.

సాయంత్రమైతే మా వరండాలోకి ఎవరో ఒకరు ప్లాస్టిక్ కవరు పట్టుకుని వస్తారు. కవరులో రిపోర్టులు. చాలామంది అందులో అంకెలు చదవరు. నల్లగా బొద్దుగా అచ్చయినవి ఎన్ని ఉన్నాయో లెక్కపెడతారు. పక్కన 'హెచ్' ఉంటే ఎక్కువ, 'ఎల్' ఉంటే తక్కువ. ఒక్కటీ లేకపోతే అగరువత్తి వెలిగిస్తారు, నాలుగు ఉంటే ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినరు. ఆ గుర్తు పెట్టింది డాక్టరు గారేనని వాళ్ల నమ్మకం. పెట్టింది కంప్యూటరు. పక్క గడిలో ఉన్న రెండు అంకెల మధ్యన ఈ అంకె పడిందా లేదా అని చూసి, పడకపోతే అక్షరం వేస్తుంది. దానికి ఇంకేమీ తెలియదు. ఆ మనిషి ఎవరో, పోయినేడాది ఆ అంకె ఎంతో, పక్క వరుసలో ఏముందో దానికి అక్కర్లేదు.

అక్కరగా చూడాల్సినవాళ్లు మీరు. అందుకే మీకు రాస్తున్నాను. దీని వెనక ఉన్నది ఒక పెళ్లి. పేర్లు చెప్పను, ఇద్దరి ఇళ్లలోనూ అడిగే రాస్తున్నాను.

అమ్మాయి మా తెలుగు పిల్లే, 24 ఏళ్లు. అబ్బాయి ఛత్తీస్‌గఢీ, 27 ఏళ్లు. ఇద్దరూ ఇష్టపడ్డారు, పెద్దవాళ్లు ఒప్పుకున్నారు. ముహూర్తాలు చూస్తుండగా అమ్మాయికి నీరసంగా ఉందని ఒక ల్యాబులో సీబీసీ చేయించారు. రిపోర్టులో ఆరు గుర్తులు వచ్చాయి. హిమోగ్లోబిన్ 11.2, ఎల్. ఎర్రకణాల సంఖ్య 5.6 మిలియన్లు, హెచ్. పీసీవీ 35.5, ఎల్. ఎంసీవీ 63.4, ఎల్. ఎంసీహెచ్ 20, ఎల్. ఆర్‌డీడబ్ల్యూ 14.8, హెచ్. "ఖూన్ కీ కమీ" అన్నారు, ఐరన్ మాత్రలు రాశారు. పిల్ల ఎనిమిది నెలలు ఒక్క రోజు తప్పకుండా మింగింది. మళ్లీ చేయిస్తే హిమోగ్లోబిన్ 11.3. మాత్రల కంపెనీ మార్చారు.

అబ్బాయి ఉద్యోగం మెడికల్ కోసం అంతకుముందే సీబీసీ చేయించుకున్నాడు. హిమోగ్లోబిన్ 14.6. కాగితం మీద ఒక్క గుర్తు లేదు. అమ్మాయి తల్లి ఆ రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి నా దగ్గర కన్నీళ్లు పెట్టుకుంది. "మావయ్య గారూ, ఆ అబ్బాయి బంగారంలా ఉన్నాడు, మా పిల్లకే అన్నీ తప్పులు. వాళ్లకి ఈ కాగితం ఎలా చూపించను?"

ఆ తల్లి ప్రశ్నకి జవాబు చెప్పాలంటే ముందు ఆ పక్క గడిలో అంకెలు ఎక్కణ్నుంచి వచ్చాయో చెప్పాలి. మీకు తెలిసిందే. కాలనీవాళ్ల కోసం చెబుతున్నాను.

ఆరోగ్యంగా ఉన్నారని తేల్చుకున్న మనుషుల్ని కనీసం 120 మందిని తీసుకుంటారు. అందరి రక్తం ఒకే పద్ధతిలో పరీక్ష చేస్తారు. వచ్చిన అంకెల్ని చిన్నదాని నుంచి పెద్దదాకా వరసలో నిలబెడతారు. కింది చివర నూటికి రెండున్నర మందిని, పై చివర నూటికి రెండున్నర మందిని పక్కకు తీసేస్తారు. మధ్యలో మిగిలిన 95 శాతం మంది మొదటి అంకె, చివరి అంకె ఆ గడిలోకి ఎక్కుతాయి. ఆ తీసేసినవాళ్లు జబ్బుమనుషులు కారు. వాళ్లనీ ఆరోగ్యవంతులనే తీసుకొచ్చి నిలబెట్టాం. అంటే ప్రతి పరీక్షలోనూ 20 మంది ఆరోగ్యవంతుల్లో ఒకరికి గుర్తు పడేలా ఆ పద్ధతే కట్టారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు ఒకేసారి చేస్తే, పూర్తి ఆరోగ్యంగా ఉన్న 100 మందిలో 64 మందికి ఎక్కడో ఒకచోట గుర్తు పడుతుంది. నిజం రిపోర్టులో పరీక్షలు ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి కాబట్టి అంతమందికి పడదు. అయినా 'ఫుల్ బాడీ ప్యాకేజీ' పేరుతో 70, 80 అంకెలు చేయించుకుని ఒక్క గుర్తూ లేకుండా బయటపడేవాళ్లు తక్కువే.

ఈ సంగతి గుర్తించే 1969లో ఫిన్లండ్ దేశపు గ్రాస్‌బెక్, సారిస్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 'నార్మల్' అనే మాట వదిలేసి 'రిఫరెన్స్' అనమన్నారు. రిఫరెన్స్ అంటే పోల్చి చూసుకోవడానికి పెట్టుకున్న గుంపు. ఆ గుంపుకి మంచి చెడ్డల తీర్పుతో పనిలేదు. మీ రిపోర్టుల్లో ఆ గడి మీద ఇప్పుడు ఆ మాటే ఉంటుంది. కౌంటరు దగ్గర కుర్రాడు మాత్రం ఇంకా 'నార్మల్ రేంజ్' అనే అంటాడు, మేమూ అదే అంటాం.

మరి ఆ 120 మంది ఎవరు? మీలో చాలామంది రిపోర్టుల్లో ఎంసీవీకి 83 నుంచి 101 అని ఉంటుంది. లండన్ హ్యామర్‌స్మిత్ ఆసుపత్రి డాక్టరు డేసీ మొదలుపెట్టిన ప్రయోగశాల పుస్తకంలోని అంకె అది. 1950లో మొదటి కూర్పు వచ్చిన ఆ పుస్తకం దగ్గర పెట్టుకునే మా తరం టెక్నీషియన్లందరం పని నేర్చుకున్నాం. నాకు దాని మీద గౌరవమే. కానీ మరో ల్యాబు 80 నుంచి 100 అని వేస్తుంది. ఒకే మనిషికి, ఒకే రోజు ఎంసీవీ 81 వస్తే ఒక వీధిలో ఎల్, పక్క వీధిలో ఏ గుర్తూ లేదు. ప్రతి ల్యాబూ 120 మందిని పోగుచెయ్యలేదు, అది నాకు తెలుసు. పుస్తకంలో రేంజిని తీసుకున్నా, స్థానికంగా 20 మంది ఆరోగ్యవంతుల మీద పరీక్షించి, అందులో ఇద్దరికి మించి బయట పడకపోతేనే వాడుకోవాలన్న పద్ధతి ఉంది. ఆ 20 మందిని నిలబెట్టి చూసిన ల్యాబులు ఎన్నో మీకే తెలియాలి.

అలాగని మన వీధిలో మనుషుల్ని తెచ్చి కొలిచినంత మాత్రాన సరిపోదు. దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. బుధవారీ బజారులో కూరగాయలు కొంటున్న 120 మంది ఆడవాళ్లని వరసలో నిలబెట్టి రేంజి కడితే, రక్తహీనతే ఆ రేంజి లోపలికి వచ్చి కూర్చుంటుంది. అందుకే హిమోగ్లోబిన్‌కి ఆడవాళ్లకి 12, మగవాళ్లకి 13 అని ప్రపంచ ఆరోగ్య సంస్థ వేరే గీత గీసింది. షుగరు పరీక్షలో మూడు నెలల సగటు 6.5 అన్నది ఇంకో రకం గీత. ఆ అంకె దాటినవాళ్లకి కంటి రెటీనా దెబ్బతినడం ఎక్కువైందని చూసి పెట్టారు. ఒకటి జనాన్ని కొలిచి తీసిన హద్దు, ఇంకొకటి హాని ఎక్కడ మొదలవుతుందో చూసి గీసిన గీత. రిపోర్టులో ఈ రెండూ ఒకే గడిలో, ఒకే అచ్చులో ఉంటాయి. చదివేవాడికి తేడా ఎలా తెలుస్తుంది?

ఇక అమ్మాయి రిపోర్టు. ఆ ఆరు గుర్తుల్నీ ఆరు తప్పులుగా చదివారు. నిజానికి అవి ఆరూ కలిసి ఒకే మాట చెబుతున్నాయి. దాన్ని ఆమె తల్లికి నేను గూడ్సు బండి పెట్టి చెప్పాను. రైల్వేవాళ్ల ఇంట్లో అంతకంటే తేలికగా అర్థమయ్యే సంగతి ఇంకొకటి లేదు.

కోర్బా నుంచి బొగ్గు రేకు వస్తుందనుకో. ఎర్రకణాల సంఖ్య అంటే రేకులో ఎన్ని వ్యాగన్లున్నాయో ఆ లెక్క. ఎంసీవీ అంటే ఒక్కో వ్యాగను ఎంత పెద్దదో ఆ కొలత. ఎంసీహెచ్ అంటే ఒక్కో వ్యాగనులో ఎంత బొగ్గు పోశారో. హిమోగ్లోబిన్ అంటే మొత్తం రేకు మోసుకొచ్చిన బొగ్గు. ఆర్‌డీడబ్ల్యూ అంటే వ్యాగన్లు అన్నీ ఒకే సైజువా, ఒకటి పెద్దది ఒకటి చిన్నదిగా కలగాపులగంగా ఉన్నాయా అన్నది. ఇప్పుడు రిపోర్టు మళ్లీ చదువు, అన్నాను. మీ పిల్లకి వ్యాగన్లు బాగా చిన్నవి, 63. ఒక్కోదాంట్లో బొగ్గు తక్కువ, 20. కానీ వ్యాగన్ల సంఖ్య చూడు, 5.6. ఆడవాళ్లకి ఉండాల్సిన 4.8 దాటిపోయింది. చిన్న వ్యాగన్లనే ఎక్కువ కట్టి రేకు దాదాపు పూర్తి లోడు లాక్కొస్తోంది. అందుకే మొత్తం 11.2 దగ్గర ఆగింది.

శరీరంలో ఐరన్ అయిపోయినప్పుడు కథ ఇలా ఉండదు. అప్పుడు వ్యాగన్లు తయారుచేసే ఇనుమే లేదు. వ్యాగన్లు చిన్నవీ అవుతాయి, సంఖ్యా పెరగదు, ఉన్నవి ఒక సైజులో ఉండవు. అదే వారం మా వరండాకి వచ్చిన ఇంకో ఆవిడ రిపోర్టు తల్లికి చూపించాను. హిమోగ్లోబిన్ 9.1, సంఖ్య 4.1, ఎంసీవీ 72, ఆర్‌డీడబ్ల్యూ 18.5. ఆవిడకి ఎంసీవీ అమ్మాయి కంటే మెరుగు, హిమోగ్లోబిన్ మాత్రం బాగా తక్కువ. గుర్తుల్ని లెక్కపెట్టేవాళ్లకి ఈ తేడా కనపడదు. ఆవిడకి నిజంగా ఐరన్ కావాలి. అమ్మాయి విషయంలో ఐరన్ కొరత ఉందో లేదో అప్పటికి ఇంకా తేల్చలేదు.

దీనికి కాగితం మీదే చేసుకునే చిన్న భాగహారం ఒకటుంది. ఎంసీవీని ఎర్రకణాల సంఖ్యతో భాగించాలి. అమ్మాయికి 63.4ని 5.6తో భాగిస్తే 11.3. ఆవిడకి 72ని 4.1తో భాగిస్తే 17.6. జవాబు 13 కంటే తక్కువైతే తలసీమియా మైనర్ వైపు, ఎక్కువైతే ఐరన్ కొరత వైపు అనుమానించాలి. 1973 నుంచి డాక్టర్ల వాడుకలో ఉన్న ఈ లెక్కకి మెంట్జర్ ఇండెక్స్ అని పేరు. ఇది అనుమానాన్ని ఏ దారిలో పంపాలో చెబుతుంది, అంతే. రెండూ కలిసి ఉన్న మనిషిలో తప్పుతుంది. అందుకని ముందు ఫెరిటిన్ చేయించమన్నాను, 48 వచ్చింది. జ్వరం, ఇన్ఫెక్షన్ ఏవీ లేని రోజున 48 అంటే ఐరన్ నిల్వ ఉన్నట్టే. ఈ ఫెరిటిన్ గడిలో కింది హద్దు ఒక ల్యాబులో ఒకలా, ఇంకో ల్యాబులో ఇంకోలా ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో 15 కంటే తగ్గితే కొరత అంటుంది. ఇన్ఫెక్షన్ ఉంటే ఫెరిటిన్ దానంతటదే పెరిగి కొరతని కప్పేస్తుంది, అప్పుడు 15 గీత పనికిరాదు.

అమ్మాయి కవరు అడుగున ఇంకో కాగితం దొరికింది. ఆమెకి 16 ఏళ్లప్పుడు స్కూలు క్యాంపులో తీసినది. హిమోగ్లోబిన్ 11, ఎంసీవీ 64. నాకు ఆ కాగితం మిగతా అన్నిటికంటే ముఖ్యం. ఎనిమిదేళ్లలో, ఎన్నో ఐరన్ మాత్రల తర్వాత కూడా ఎంసీవీ ఒక్క అంకె మాత్రమే అటూ ఇటూ అయింది. కొరత అయితే ఈపాటికి పెరగాలి, లేదా బాగా దిగజారాలి. కదలనిది పుట్టుకతో వచ్చినదే అయ్యుండాలి. ఏ లండన్ పుస్తకంలోని గుంపు కంటే కూడా మనిషికి తన పాత రిపోర్టే మంచి రేంజి. ఎంసీవీలాంటివి ఒక మనిషిలో ఏళ్ల తరబడి చాలా తక్కువ మారతాయి. 95 నుంచి 84కి దిగిన మనిషికి గడిలో ఏ గుర్తూ పడదు, కానీ అతని ఒంట్లో ఏదో జరుగుతోంది. 64 దగ్గర ఎనిమిదేళ్లుగా నిలబడ్డ అమ్మాయికి ప్రతిసారీ ఎల్ పడుతుంది, ఆమె ఒంట్లో కొత్తగా జరిగిందేమీ లేదు. మీ కంప్యూటర్లలో ఈ ఊరివాళ్ల పాత అంకెలన్నీ ఉన్నాయి. వాటిని కొత్త అంకె పక్కన ఎందుకు అచ్చువెయ్యరు?

హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్ష చేయించాం. రక్తంలో ఏ ఏ రకం హిమోగ్లోబిన్ ఎంతెంత ఉందో విడదీసి చూపించే పరీక్ష అది. అమ్మాయికి హిమోగ్లోబిన్ ఏ2 అనే రకం 5.3 శాతం వచ్చింది. మామూలుగా మూడున్నర లోపే ఉండాలి. బీటా తలసీమియా మైనర్. అంటే హిమోగ్లోబిన్‌లో ఒక గొలుసుని తయారుచేసే జన్యువులు రెండుంటే, ఒకటి సరిగ్గా పనిచెయ్యదు. రెండోది సరిపోతుంది. మనిషి ఆరోగ్యంగానే ఉంటుంది, పిల్లల్ని కంటుంది, ముసలితనం దాకా బతుకుతుంది. ఆమె నీరసానికి కారణం వేరే దొరికింది, ఇక్కడ రాయాల్సినంత సంగతి కాదు. ఇలాంటివాళ్లకి కూడా గర్భంలోనో, రక్తస్రావం ఎక్కువైనప్పుడో ఐరన్ తగ్గొచ్చు, అప్పుడు మాత్రలు కావాల్సిందే. కాబట్టి ఈ ఉత్తరం చదివి ఎవరూ తమంతట తాము ఐరన్ మానెయ్యకండి, ఫెరిటిన్ చూపించుకుని డాక్టరు గారిని అడగండి.

తల్లిని కూడా చేయించుకోమన్నాను. ఎంసీవీ 66, ఏ2 5.1. ఆవిడ దగ్గర్నుంచే వచ్చింది. పుట్టింట్లో ఉన్నప్పట్నుంచీ "నీకు రక్తం లేదు" అనిపించుకుంటూ, మునగాకు, బెల్లం, మాత్రలు, సిరప్పులతో యాభై ఏళ్లు గడిపిన మనిషి. రిపోర్టు చేతిలో పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు.

ఇక్కడితో అయితే ఈ ఉత్తరం రాసేవాణ్ని కాదు. అబ్బాయి కాగితం గురించే నా అసలు బాధ.

ఒక్క గుర్తూ లేని ఆ కాగితాన్ని చూసి అందరూ ధైర్యంగా ఉన్నారు. అమ్మాయికి తలసీమియా మైనర్ అని తేలగానే, పెళ్లి చేసుకోబోయేవాడికి కూడా హెచ్‌పీఎల్‌సీ చేయించడం తప్పనిసరి. వాళ్ల నాన్న ఒప్పుకోలేదు. "వీడిది అంతా క్లియర్ కదా" అన్నాడు. ఆయన తప్పేం లేదు. గుర్తు లేకపోతే అంతా బాగున్నట్టే అని మనమే ఆయనకి నేర్పాం. చివరికి అబ్బాయే వెళ్లి చేయించుకున్నాడు. హిమోగ్లోబిన్ ఎస్ 36 శాతం. సికిల్ ట్రెయిట్.

మన ఛత్తీస్‌గఢ్‌లో ఇది కొత్త మాట కాదు. జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌ని 2023 జులై 1న ప్రారంభించింది కూడా మన బిలాస్‌పూర్ డివిజన్ లైను మీదున్న శహ్డోల్‌లోనే. నలభై ఏళ్ల లోపు వయసున్న 7 కోట్ల మందిని పరీక్షించాలన్నది దాని లక్ష్యం. ఇలాంటి ఊళ్లో కూడా సీబీసీ క్లియర్‌గా ఉంటే సికిల్ లేదని నమ్మేవాళ్లు నాకు రోజూ కనపడతారు. ట్రెయిట్ ఉన్న మనిషికి ఒక జన్యువు మామూలుది, ఒకటి సికిల్‌ది. కణాల సంఖ్య, సైజు, మొత్తం హిమోగ్లోబిన్ అన్నీ మామూలుగానే ఉంటాయి. మళ్లీ గూడ్సు బండి దగ్గరికే వస్తే, వ్యాగన్లు సరైన సంఖ్యలో, సరైన సైజులో, సరైన లోడుతో ఉన్నాయి. లోపల పోసిన బొగ్గులో మూడో వంతు వేరే రకం. తూకం వేసేవాడికి అది ఎలా తెలుస్తుంది? సీబీసీ యంత్రం తూకం వేస్తుంది, లెక్కపెడుతుంది. రకం చూడదు. రిఫరెన్స్ రేంజి కూడా కొలిచిన వాటి గురించే మాట్లాడుతుంది, కొలవనిదాని గురించి దానికి మాట రాదు.

ఇప్పుడు రెండు కాగితాలూ పక్కన పెట్టి చూడండి. ఆరు గుర్తులున్న అమ్మాయి, ఒక్కటీ లేని అబ్బాయి. ఇద్దరూ ఆరోగ్యవంతులే. ఇద్దరికీ ఒక్కో జన్యువులో తేడా. ఇద్దరూ దంపతులైతే ప్రతి గర్భంలోనూ నాలుగు దారులు ఉంటాయి. నాలుగింట ఒక వంతు అవకాశం బిడ్డ ఏమీ లేకుండా పుట్టడానికి. ఒక వంతు తల్లిలా తలసీమియా మైనర్‌తో, ఒక వంతు తండ్రిలా సికిల్ ట్రెయిట్‌తో. మిగిలిన ఒక వంతు, తల్లి నుంచి అదీ తండ్రి నుంచి ఇదీ రెండూ వచ్చి సికిల్ బీటా తలసీమియాతో. అది జబ్బు. ఎముకల్లో నొప్పులు, మళ్లీ మళ్లీ ఇన్ఫెక్షన్లు, రక్తహీనత. ఎంత తీవ్రంగా ఉంటుందన్నది తల్లి వైపు తలసీమియా మార్పు ఏ రకమన్న దాన్ని బట్టి మారుతుంది. మొదటి బిడ్డ బాగా పుడితే రెండో బిడ్డకి గండం పెరగదు, తగ్గదు. ప్రతిసారీ లెక్క మొదటి నుంచే.

మిషన్ క్యాంపుల్లో ముందు చేసే సాల్యుబిలిటీ పరీక్ష అబ్బాయిలాంటివాళ్లని పట్టుకుంటుంది. అమ్మాయిలాంటివాళ్లని పట్టుకోదు, ఆమె రక్తంలో సికిల్ లేదు కనుక. సీబీసీ అమ్మాయిని పట్టుకుంటుంది, అబ్బాయిని వదిలేస్తుంది. రెండు వలలు, రెండింటికీ వేరువేరు కన్నాలు. హెచ్‌పీఎల్‌సీకీ హద్దులున్నాయి. ఐరన్ బాగా తక్కువగా ఉన్నప్పుడు ఏ2 కొంత తగ్గి, తలసీమియా మైనర్‌ని దాచవచ్చు. అందుకే ఫెరిటిన్ ముందు. ఆల్ఫా తలసీమియా అనే ఇంకో రకంలో ఎంసీవీ తగ్గుతుంది కానీ ఏ2 పెరగదు, దానికి జన్యు పరీక్షే దిక్కు. ఇవన్నీ మీకు నేను చెప్పాల్సినవి కావు. మీ సంతకం ఉన్న కాగితం చదివేవాళ్లకి ఎవరో ఒకరు చెప్పాల్సినవి.

మేం పనిలో చేరిన రోజుల్లో సాలీ గొట్టంలో ఆసిడ్ పోసి, రక్తం కలిపి, గోధుమరంగు గాజుముక్కతో కంటితో పోల్చి హిమోగ్లోబిన్ రాసేవాళ్లం. ఎర్రకణాల్ని మైక్రోస్కోపు కింద గళ్ల పలక మీద లెక్కపెట్టేవాళ్లం. ఈ రోజు యంత్రం నిమిషంలో చేసే దానితో పోలిస్తే అందులో తప్పులు ఎక్కువే, నేను దాన్ని పొగడను. కానీ రిపోర్టు చేతితో రాసేటప్పుడు డాక్టరు గారు స్లైడు చూసి, అడుగున ఒకటి రెండు వాక్యాలు రాసేవారు. "కణాలు చిన్నవి, టార్గెట్ కణాలు ఉన్నాయి, తలసీమియాకి చూడవలెను" అని. ఆ వాక్యం ఉన్న కాగితం మీద హెచ్, ఎల్ ఏదీ ఉండేది కాదు, అయినా చదివిన డాక్టరుకి దారి తెలిసేది. యంత్రం వచ్చాక అంకెలు పెరిగాయి, వాక్యం పోయింది.

నేను అడిగేది ఆ వాక్యం. ఎంసీవీ 80 కంటే తక్కువగా, ఎర్రకణాల సంఖ్య పైహద్దు దాటి ఉన్న ప్రతి రిపోర్టు కిందా, "ఇది ఐరన్ కొరత కాకపోవచ్చు, ఫెరిటిన్ తర్వాత హెచ్‌పీఎల్‌సీ చేయించండి" అని హిందీలో అచ్చువేయించండి. యంత్రానికి ఈ షరతు నేర్పడం గుర్తు పెట్టడం నేర్పినంత తేలికే. పెళ్లికాని వయసువాళ్ల రిపోర్టు క్లియర్‌గా ఉన్నా సరే, "ఈ పరీక్ష సికిల్ ట్రెయిట్‌ని చూపించదు" అని రాయండి. ఇది మిగతా ఊళ్లలో అక్కర్లేదేమో, మన బిలాస్‌పూర్‌లో కావాలి. రేంజి ఏ పుస్తకంలోదో, మీరే కట్టిందో ఆ గడి కింద చిన్న అక్షరాల్లో చెప్పండి. హద్దుని వెంట్రుకవాసి దాటిన అంకెకీ, ప్రాణం మీదకి తెచ్చే అంకెకీ ఒకే బొద్దు అచ్చు వెయ్యకండి. హిమోగ్లోబిన్ అయిదుకి పడిపోతే మీరే ఫోన్ చేసి చెబుతారని నాకు తెలుసు. కాగితం మీద మాత్రం అదీ 11.9 కూడా ఒకే ఎల్.

మీ ఇబ్బంది నాకు తెలియనిది కాదు. రోజుకి వందల శాంపిళ్లు, కలెక్షన్ సెంటర్ల నుంచి వచ్చిన గొట్టాలు, సాయంత్రం లోపు వాట్సాప్‌లో రిపోర్టు కావాలనే జనం. పరీక్ష రాసిన డాక్టరు వేరే, మీరు చికిత్స చెప్పకూడదు. నేను చికిత్స చెప్పమనడం లేదు. అంకెలు కలిసి ఏం చెబుతున్నాయో, ఏం చెప్పలేవో చెప్పమంటున్నాను. అది పాథాలజిస్టు పనే.

ఆ ఇద్దరికీ వచ్చే మాఘంలో పెళ్లి. రెండు ఇళ్లవాళ్లూ కూర్చుని మాట్లాడుకున్నారు. మూడు రోజులు ఒకరి మీద ఒకరు అరుచుకున్నారు కూడా. చివరికి పిల్లలిద్దరూ తేల్చుకున్నారు. జన్యుమార్పు ఏ రకమో ముందే పరీక్ష చేయించి పెట్టుకుంటారు, అది చేతిలో ఉంటేనే గర్భం నిలిచాక పదకొండో వారం ప్రాంతంలో మాయ నుంచి చిన్న ముక్క తీసి బిడ్డకి ఏముందో చూడగలుగుతారు. తర్వాత నిర్ణయం వాళ్లది. అబ్బాయి తమ్ముడు, ఇద్దరు చెల్లెళ్లు కూడా పోయిన వారం వెళ్లి హెచ్‌పీఎల్‌సీకి రక్తం ఇచ్చి వచ్చారు.

అమ్మాయి రిపోర్టు జిరాక్సు, పేరూ వయసూ చెరిపేసి, ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను. చివరి వరసకీ మీ సంతకానికీ మధ్య రెండు వేళ్ల ఖాళీ ఉంది. వాక్యం అక్కడ పడుతుంది, నేను పెన్సిలుతో రాసి చూశాను.

ఇట్లు,
రైల్వే కాలనీ, బిలాస్‌పూర్ నుంచి
ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్